టోకెన్ ఎవరికి వేయాలి: బ్రోకర్‌కా, ఓనర్‌కా?

విజయవాడలో అద్దె ఇల్లు వెతుకుతున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "ఇల్లు నచ్చింది, బ్రోకర్ టోకెన్ అడుగుతున్నాడు, వేసేయమంటారా?" పోయిన నెల పటమటలో మా చెల్లెలు వాళ్లకు జరిగింది చూశాక, వద్దనే చెబుతున్నాను.

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దె 13 వేలు. బ్రోకర్ తనే తాళం తీసి చూపించాడు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, పది వేలు వేస్తే ఆపుతా" అన్నాడు. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారంటూ ఫోన్ కలిపి మాట్లాడించాడు కూడా. పాలు పొంగించడానికి వెళ్లిన రోజు గుమ్మం ముందు ఇంకో రెండు కుటుంబాలు సామానుతో నిలబడి ఉన్నాయి. అసలు ఓనర్‌కి ఆ బ్రోకర్ ఎవరో కూడా తెలియదు. రంగుల పనికని వాచ్‌మన్ దగ్గర ఉంచిన తాళం అతని చేతికి వచ్చింది. ఫోన్‌లో ఓనర్‌గా మాట్లాడింది అతని మనిషే.

బ్రోకర్‌కి టోకెన్ వేస్తే ఇల్లు చేజారదని ఒక ధైర్యం. మంచి ఇల్లు రెండు రోజులు కూడా ఖాళీగా ఉండదు కాబట్టి ఆ తొందర నాకూ అర్థమవుతుంది. కానీ ఒకే ఇల్లు నలుగురు బ్రోకర్ల దగ్గర ఉంటుంది. మోసగాడే కానక్కర్లేదు, నిజాయితీపరుడికైనా ఆ ఇంటిని ఆపే అధికారం లేదు. ఆపగలిగేది ఓనరే.

అందుకే డబ్బు ఓనర్ ఖాతాకే వెళ్లాలి. ఆయనే ఓనర్ అని ఎలా తెలుస్తుంది? సెల్లార్‌లో మీటర్ల దగ్గరికి వెళ్లి, మీ ఫ్లాట్ నంబర్ రాసి ఉన్న మీటర్ సర్వీస్ నంబర్ రాసుకోండి. ఫోన్‌పేలో కరెంటు బిల్లు కట్టే చోట APCPDCL ఎంచుకుని ఆ నంబర్ కొడితే బిల్లు ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. డబ్బు పంపేముందు యూపీఐలో వచ్చే పేరు దానితో కలవాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో బిల్లు ఇంకా బిల్డర్ పేరునో, పాత ఓనర్ పేరునో ఉంటుంది. అప్పుడు ఇంటి పన్ను రసీదు అడగాలి. ఓనర్ ఫోన్ నంబర్ మాత్రం బ్రోకర్ దగ్గర తీసుకోవద్దు, పక్క ఫ్లాట్‌ వాళ్లనో అసోసియేషన్‌ వాళ్లనో అడగండి.

"నన్ను తప్పించి మాట్లాడుకుంటారా?" అని బ్రోకర్ అలుగుతాడు. తాళం చేతికొచ్చిన రోజే కమీషన్ ఇస్తామని ముందే చెబితే సరి.

టోకెన్ లేకుండా నేరుగా అగ్రిమెంట్ రోజే అడ్వాన్స్ ఇవ్వడం అన్నిటికన్నా భద్రం, కాకపోతే అంతవరకు ఇల్లు ఉండాలి. బ్రోకర్‌కి నగదు ఇచ్చి చీటీ రాయించుకోవడం గురించి చెప్పడానికేమీ లేదు, ఇవ్వకండి.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ చెల్లింపు స్క్రీన్‌షాట్, బ్రోకర్ మెసేజ్‌లు చెరిపేయకుండా స్టేషన్‌కి పట్టుకెళ్లండి. చెల్లెలు వాళ్లు మిగతా రెండు కుటుంబాలతో కలిసే వెళ్లారు. ముగ్గురి దగ్గరా ఒకే ఫ్లాట్‌కి, ఒకే వారంలో, ఒకే నంబర్‌కి పంపిన డబ్బు కనిపించేసరికి, అది మాట తేడా అని బ్రోకర్ చెప్పిన కథ అక్కడ నిలబడలేదు.