14 పేజీల ఫొటోల నుంచి ఒక్క సారాంశం: రెండేళ్ల వాడకం తర్వాత సమీక్ష

పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయాన్ని పేజీ పేజీగా ఫోన్‌లో ఫొటో తీసి, వాటన్నిటినీ కలిపి ఒకే సారాంశం రాబట్టే పద్ధతిని రెండేళ్లుగా తెలుగు మీడియం చరిత్ర, పౌరశాస్త్రం, జీవశాస్త్రం పుస్తకాల మీద వాడుతున్నాం. అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో ముందు పాఠం తీసుకుని ఆ తర్వాత కుదించడం ఒక దారి. ఫొటోలు చదివే చాట్ యాప్‌కు అన్నీ ఒకేసారి ఎక్కించడం ఇంకో దారి. రెండింటిలోనూ తప్పులు పేజీ మధ్యలో తక్కువ, ఒక పేజీ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ అతుకుల గురించే.

ముందు వరుస సంగతి. గ్యాలరీలో కొత్త ఫొటో పైన ఉంటుంది. పైనుంచి కిందికి ఎంచుకుంటూ పోతే అధ్యాయం తలకిందులుగా ఎక్కుతుంది. పేజీలకు 1, 2, 3 అని పేర్లు పెడితే అక్షరక్రమంలో సర్దే యాప్‌లలో 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాతే 2 వస్తుంది. వాట్సాప్‌లో ఎవరైనా పంపిన ఫొటోలైతే `IMG-20240612-WA0007.jpg` లాంటి పేరుతో దిగుతాయి. అందులోని తేదీ అవి వాట్సాప్‌లో చేరిన రోజుది, ఫొటో తీసినది కాదు. పైగా మామూలుగా పంపితే ఫొటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 24 సెంటీమీటర్ల పేజీకి లెక్కేస్తే అంగుళానికి 170 చుక్కలు కూడా మిగలవు. ఇంగ్లిషు అక్షరాలకు అది సరిపోతుందేమో కానీ తెలుగులో ఒత్తులు చెదిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే అసలు ఫైలు అలాగే వస్తుంది.

వీటన్నిటికీ ఒకటే మందు: ఫొటోకు పుస్తకంలో అచ్చయిన పేజీ సంఖ్యనే పేరుగా పెట్టడం. అధ్యాయం 112వ పేజీ నుంచి 125 దాకా ఉంటే `112.jpg` నుంచి `125.jpg` వరకు 14 ఫైళ్లు ఉండాలి. 13 ఉంటే ఒక పేజీ పోయినట్టు, 15 ఉంటే ఒకటి రెండుసార్లు తీసినట్టు. 96 నుంచి 104 దాకా అయితే `096` అని ముందు సున్నా పెట్టాలి, లేకపోతే వరుస మళ్లీ చెడుతుంది. ఇంకో చిన్న గుర్తు కూడా పనికొస్తుంది. తెరిచిన పుస్తకంలో బేసి సంఖ్య కుడివైపు, సరి సంఖ్య ఎడమవైపు ఉంటాయి. ఫొటోలు వరుసగా చూస్తున్నప్పుడు కుట్టు నీడ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన మారుతూ రావాలి. రెండుసార్లు ఒకే వైపు వస్తే మధ్యలో పేజీ తప్పిపోయిందన్నమాట. కొత్త పుస్తకాల్లో రెండు కాగితాలు అంటుకుని రెండు పేజీలు ఒకేసారి తప్పిపోతే మాత్రం ఈ గుర్తు పట్టివ్వదు. ఫైళ్ల లెక్కే పట్టిస్తుంది.

స్కాన్ యాప్‌లు అంచులు వాటంతటవే కత్తిరిస్తాయి. సౌకర్యమే, కానీ ఆ కత్తెరలో ముందు పోయేది పేజీ సంఖ్య, ఆ తర్వాత అడుగు వరుస. ఈ పనికి ఆ రెండే ముఖ్యం. ఆటోమేటిక్ కత్తిరింపు ఆపేసి, పేజీ చుట్టూ వేలి మందాన బల్ల కనిపించేలా తీస్తే చాలు. రెండు పేజీలు ఒకే ఫొటోలో తీయకండి. ఎడమ పేజీ వరుస చివర నుంచి కుడి పేజీ వరుసలోకి దూకి, రెండింటినీ ఒకే వాక్యంగా చదివేయడం జరుగుతుంది. నున్నటి కాగితమైతే ఫ్లాష్ వద్దు, పక్కనుంచి పడే పగటి వెలుగు మేలు.

ఇప్పుడు అతుకుల దగ్గరికి వద్దాం. కాకతీయుల అధ్యాయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పేజీ సంఖ్యలు ఊహించుకున్నవి, లోపలి విషయం మాత్రం తెలిసిన చరిత్రే. 115వ పేజీ చివర మహదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయిన సంగతి ఉంది. 116లో గణపతిదేవుడు 1199లో సింహాసనం ఎక్కడం, తీరాంధ్రం గెలవడం ఉన్నాయి. 117 మొదటి వాక్యం ఇలా ఉంది: "ఆయన మోటుపల్లి రేవుకు వచ్చే విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు." ఇప్పుడు 116 తప్పిపోయినా, 117 కన్నా వెనక్కి పోయినా "ఆయన" అన్న మాట మహదేవుడికి అంటుకుంటుంది. సారాంశంలో "మహదేవుడు మోటుపల్లి అభయ శాసనం వేయించాడు" అని చక్కటి తెలుగులో, ఏ అనుమానమూ రాకుండా వస్తుంది. వాక్యం బాగుంది కాబట్టి చదివేవాళ్లు దాటిపోతారు. పట్టుకోవాలంటే సంవత్సరమే ఆధారం. ఆ శాసనం 1244-45 నాటిది, మహదేవుడి కాలం 1199తోనే ముగిసింది.

తెలుగులో ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఉంది. మన పాఠ్యపుస్తకాలు కర్త పేరు ఒకసారి చెప్పి, ఆ తర్వాత పేరాల కొద్దీ "ఆయన", "ఈమె", "ఇతడు" అంటూ నడుస్తాయి. చాలాచోట్ల అదీ ఉండదు, "వేయించాడు" అన్న క్రియే కర్తను మోస్తుంది. పేజీ మారిన చోట క్రియ ఒక్కటే మిగిలితే దాన్ని ఎవరికైనా తగిలించవచ్చు.

రెండో రకం అతుకు మాట మధ్యలో పడుతుంది. పేజీ అడుగున "రుద్ర" అని ఆగి, తర్వాతి పేజీలో "మదేవి" అని మొదలవుతుంది. తెలుగు అచ్చులో మాట విరిగిన చోట చిన్న గీత పెట్టని పుస్తకాలు చాలా ఉన్నాయి. కాబట్టి విరిగిందని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒక పక్క "రుద్ర" మిగిలితే దాన్ని రుద్రదేవుడిగా పూరించడం తేలిక. రుద్రదేవుడి పాలన 1195తో ముగిసింది, రుద్రమదేవిది 1262లో మొదలైంది. అలా అరవై ఏడేళ్ల తేడా ఒక్క మాటలో కలిసిపోతుంది.

మూడోది పేజీ తలమీద, అడుగున ఉండే అచ్చు. "గణపతిదేవుడు దాదాపు" అని 117 ముగిసి, 118 "63 ఏళ్లు పాలించాడు" అని మొదలైతే, అక్షరాలు గుర్తించాక మధ్యలో "117 కాకతీయులు" అన్న అడుగు వరుస దూరుతుంది. దాంతో "దాదాపు 117 కాకతీయులు 63 ఏళ్లు" అని తయారవుతుంది. సారాంశంలో 117 ఏళ్లన్న లెక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలియక తల పట్టుకునేది ఇక్కడే.

కంప్యూటర్ ఉన్నవాళ్లకు అక్షరాలు గుర్తించే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ దారి ఈ అతుకుల పనికి బాగా నప్పుతుంది. ఫైళ్ల జాబితా ఇస్తే అదే వరుసలో చదివి, అంతా ఒకే ఫైల్లో పెడుతుంది:

```
ls *.jpg > pages.txt
tesseract pages.txt chapter -l tel+eng
```

ముందుగా `pages.txt` తెరిచి వరుస కళ్లతో చూసుకోండి. తప్పుంటే ఆ ఫైల్లోనే వరుసలు పైకీ కిందికీ జరిపితే చాలు, ఫొటోలు ముట్టుకోనక్కర్లేదు. వచ్చిన `chapter.txt`లో పేజీకీ పేజీకీ మధ్య ఫామ్ ఫీడ్ అనే విభజన అక్షరం ఉంటుంది. 14 పేజీలకు 13 అతుకులు. ఒక్కో అతుకు దగ్గర పై పేజీ చివరి రెండు వరుసలు, కింది పేజీ మొదటి రెండు వరుసలు చదవండి. విరిగిన మాట కలపండి, తల వరుస, పేజీ సంఖ్య తీసేయండి, "ఆయన" ఉంటే పేరు రాయండి. మొత్తం పది నిమిషాల పని. పేజీ సంఖ్యను పూర్తిగా పోగొట్టుకోకుండా పేరా మొదట్లో [117] అని చదరపు బ్రాకెట్లో ఉంచుకుంటే తర్వాత సరిచూసుకోవడానికి అక్కరకొస్తుంది.

అక్షరాల తప్పులు ఇంకా మిగులుతాయి. ద, థ, ధ ఒకదానికొకటి మారడం, సున్నా అంకె పూర్ణానుస్వారంగా మారడం మామూలే. వ్యాసం అర్థం వీటితో పెద్దగా చెడదు. సంవత్సరాలు మాత్రం పుస్తకంతో పోల్చి తీరాలి.

కుదింపు దగ్గర చాలామంది చేసే పని పేజీకి నాలుగు వాక్యాల చొప్పున తీసి అతికించడం. అలా వచ్చినది ఒకే సారాంశంలా ఉండదు, 14 చిన్న సారాంశాల దండలా ఉంటుంది. సగం పేజీ వేయి స్తంభాల గుడి బొమ్మ ఉన్న పేజీకీ, నాయంకర వ్యవస్థను కిక్కిరిసి చెప్పిన పేజీకీ అదే నాలుగు వాక్యాలు దక్కుతాయి. పేజీ అనేది అచ్చువేసేవారి సౌకర్యం, విషయానికి దానితో సంబంధం లేదు. అతుకులు సరిచేసిన పాఠాన్ని ఉపశీర్షికల దగ్గర కోయండి: తొలి కాకతీయులు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, పాలన, చెరువులు-సేద్యం, శిల్పం. ఒక్కో ముక్కను విడిగా కుదించి, వరుసగా పేర్చి, చివర ఒక్కసారి మొత్తం చదివి రెండుసార్లు వచ్చినవి కొట్టేయండి. దాదాపు 3000 మాటల అధ్యాయం 600 మాటలకు దిగితే విషయం పోదు. 300కి దించితే పేర్లు, సంవత్సరాలు మిగిలి కారణాలు రాలిపోతాయి.

పెట్టెల్లో ఇచ్చిన అదనపు సమాచారం, పేజీల మీదుగా సాగే పట్టికలు వేరుగా చూసుకోవాలి. పెట్టె తరచూ వాక్యం మధ్యలో దూరుతుంది. దాన్ని ఎత్తి ఆ ఉపశీర్షిక చివర పెట్టండి. పట్టిక రెండో సగానికి పై వరుస ఉండదు కాబట్టి మొదటి పేజీలోని శీర్షిక వరుసను అక్కడ మళ్లీ రాయాలి. లేకపోతే పాలనాకాలం గడిలోని సంఖ్యలు దేనికి చెందినవో తెలియవు.

ఫొటోలు నేరుగా చాట్ యాప్‌కు ఎక్కించే దారిలో అతుకులు కనిపించవు, ఇబ్బంది అదే. నాలుగైదు పేజీలైతే సాఫీగా వస్తుంది. 14 పేజీలు ఒకేసారి ఇస్తే మొదటి, చివరి పేజీల సంగతులు నిండుగా వచ్చి, మధ్య పేజీలు పలుచబడటం తరచూ చూశాం. పేజీ తప్పిపోయినా ఖాళీని పూడ్చేసి ముందుకు పోతుంది. ఈ దారిలోనే వెళ్లాలనుకుంటే ముందు ఒక్కో పేజీలోని పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుని, అతుకులు చూసుకుని, ఆ తర్వాతే కుదింపుకు ఇవ్వండి. సారాంశంలోని ప్రతి పేరాకూ పేజీ సంఖ్య ఉండాలి. 112 నుంచి 125 దాకా ఏ సంఖ్య కనిపించకపోతే ఆ పేజీ ఫొటో తెరిచి చూడండి. ప్రతాపరుద్రుడి పతనం, 1323, ఉన్న పేజీ ఒక్కటి జారినా రాజ్యం ఎలా ముగిసిందో చెప్పకుండానే సారాంశం ముగుస్తుంది.

ఫొటోల నుంచి అచ్చంగా సరిచూసిన సారాంశం దాకా 14 పేజీలకు ముప్పావు గంట పడుతుంది. చరిత్ర, పౌరశాస్త్రం, జీవశాస్త్రానికి ఈ సమయం గిట్టుబాటే, 5కి 4 ఇస్తాం. రసాయన సమీకరణాలు, గణితం ఉన్న అధ్యాయాలకు వాడకండి. అక్కడ కింది అంకె ఒకటి పోయినా సమీకరణమే మారిపోతుంది, ఏ వాక్యమూ దాన్ని పట్టివ్వదు.