హౌస్ సర్జన్సీలో పీజీ ఎంట్రన్స్ చదువు: రోజూ కొంచెమా, ఖాళీ పోస్టింగులోనా?

రోజూ కొంచెం: డ్యూటీలో చూసిన కేసు మీద ఆ రాత్రే 20 ప్రశ్నలు చేయాలి. ఎక్లాంప్సియా పేషెంటుకు మెగ్నీషియం సల్ఫేట్ మళ్లీ ఇచ్చే ముందు మోకాలి రిఫ్లెక్స్ ఎందుకు చూస్తారు? మందు ఎక్కువైతే ముందు పోయేది అదే. లేబర్ రూమ్‌లో చూసి చదివితే ఇక మరిచిపోం. కానీ నైట్ డ్యూటీ మర్నాడు ఏదీ బుర్రకెక్కదు, నిద్రపోవడమే మేలు.

ఖాళీ పోస్టింగులో: కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు. వదిలేసిన సబ్జెక్టులకు, 200 ప్రశ్నల గ్రాండ్ టెస్టులకు అదే సమయం. అది మొదట్లోనే పడితే పరీక్షనాటికి సగం మరిచిపోతాం. డుమ్మాలు ఎక్కువైతే ఇంటర్న్‌షిప్ పొడిగిస్తారు.

ఫైనలియర్‌లోనే ఒకసారి చదివేసినవాళ్లకు మొదటిది చాలు. బేసిక్స్ లేనివాళ్లకు రెండోదే దారి. ఆ పోస్టింగు పరీక్షకు దగ్గరగా పడేలా మార్చుకునే వీలుందేమో ముందే అడగండి.