వాట్సాప్ బాట్ కొంటున్నారా? ‘అర్థం కాలేదు’ అనలేని బాట్‌కి డబ్బు కట్టకండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎరువుల షాపులకూ హార్డ్‌వేర్ షాపులకూ వాట్సాప్ బాట్లు అమ్మడానికి వచ్చేవాళ్లు చూపించే డెమో ఒకేలా ఉంటుంది. ‘యూరియా బస్తా ఎంత’ అంటే ధర చెబుతుంది, ‘పది బస్తాలు పంపండి’ అంటే ఆర్డర్ రాసుకుంటుంది. 98 శాతం కరెక్ట్ అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కాకపోతే ఆ పరీక్షలో ఉన్నవన్నీ బాట్‌కి తెలిసిన కోవ ప్రశ్నలే. షాపు ఫోన్‌కి వచ్చేవి అన్నీ అలా ఉండవు.

లోపల జరిగేది ఇదీ. కస్టమర్ పంపిన వాక్యం ఏ పని కోసమో పోల్చే భాగాన్ని ఇంటెంట్ క్లాసిఫైయర్ అంటారు. ఎరువుల షాపు బాట్‌కి ధర, స్టాక్, ఆర్డర్, క్యాన్సిల్, షాపు వేళలు అని ఐదు గూళ్లు పెట్టారనుకోండి. ఏ వాక్యం వచ్చినా ఈ ఐదింటిలో ఒకదాంట్లో పడేయడమే దాని పని. ఆరో గూడు లేదు. గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్ వచ్చినా, మనవడు ఫోన్ నొక్కితే వెళ్లిన అక్షరాల కుప్ప వచ్చినా, ఏదో ఒక గూడు గెలవాల్సిందే.

ఒక మెసేజ్ తీసుకుందాం. నిన్న పది బస్తాల యూరియా, అంటే 45 కిలోల లెక్కన 450 కిలోలు, ఆర్డర్ పెట్టిన రైతు ఇవాళ పొద్దున్న ఇలా పంపాడు: ‘వాన పడతోంది, ఆటో ఊళ్లోకి రాదు, ఇవాళ పంపొద్దు’. ఆయన అడిగింది డెలివరీ వాయిదా. ఆ గూడు బాట్‌లో లేదు. ‘పంపొద్దు’లోని ‘వద్దు’కి దగ్గరగా ఉన్నది క్యాన్సిల్. క్లాసిఫైయర్ ఒక్కో గూడుకీ ముడి మార్కు వేస్తుంది: క్యాన్సిల్ 1.2, ఆర్డర్ 0, ధర −0.3, వేళలు −0.4, స్టాక్ −0.5. 1.2 ఏమంత గట్టి మార్కు కాదు. కానీ ఆ తర్వాత సాఫ్ట్‌మ్యాక్స్ అనే లెక్క వీటిని మొత్తం 100 వచ్చేలా శాతాలుగా మారుస్తుంది. క్యాన్సిల్‌కి 52, రెండోదైన ఆర్డర్‌కి 16 వస్తాయి. ఆర్డర్ క్యాన్సిల్ అయిపోతుంది. మర్నాడు వాన తెరిపిచ్చాక రైతు బస్తాల కోసం ఎదురుచూస్తుంటాడు, మీ పుస్తకంలో ఆయన పేరే ఉండదు.

ఆ 52కి అర్థం ‘ఈ ఐదింటిలో ఏది దగ్గర’ అని మాత్రమే. ‘ఇది అసలు మన షాపు పనేనా’ అన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఇంకో చిక్కుంది. కొద్దిపాటి వాక్యాల మీదే క్లాసిఫైయర్‌ని ఎక్కువసేపు రుద్ది నేర్పిస్తే ముడి మార్కులు ఉబ్బుతాయి. పై మార్కులన్నీ మూడింతలై 3.6, 0, −0.9, −1.2, −1.5 అయ్యాయనుకోండి. ఏది ముందు, ఏది వెనక అన్న వరస మారలేదు, రైతు మాటా మారలేదు. క్యాన్సిల్ మాత్రం 95 శాతానికి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ‘మా బాట్ 95 శాతం నమ్మకంతో చెబుతుంది’ అంటే మురిసిపోనక్కర్లేదు.

మన సరిహద్దులో దీనికి ఇంకో మెలిక ఉంది. ఒడియా రైతు వాయిస్ నోట్‌లో ‘కాలి ఆసిబి’ అంటాడు, రేపు వస్తానని. తెలుగుకి మాత్రమే పెట్టిన బాట్ దాన్ని ‘ఖాళీ’ అని రాసుకోవచ్చు. ఖాళీ అనగానే స్టాక్ గూడు గెలుస్తుంది, ఆ రైతుకి స్టాక్ లెక్క జవాబుగా పోతుంది. ట్రాక్టర్ పక్కన నిలబడి పంపిన నోట్ అయితే చప్పుడులోంచి కూడా ఏవో మాటలు పుట్టుకొస్తాయి, వాటికీ ఒక గూడు దొరుకుతుంది.

అందువల్ల అమ్మేవాణ్ణి మొదట అడగాల్సింది: ఏ గూటికీ చెందని మెసేజ్‌ని మీ బాట్ ఎలా తిరస్కరిస్తుంది? ‘అలాంటివి రావండీ’ అంటే అక్కడితో ఆపేయండి. బాట్లు కట్టే కొన్ని పనిముట్లలో ఈ ఏర్పాటు సిద్ధంగానే ఉంటుంది, పెట్టరు అంతే. అలాంటి పనిముట్టే రాసా. దాని మీద కట్టిన బాట్ అయితే పైప్‌లైన్‌లో క్లాసిఫైయర్ తర్వాత ఈ ముక్క ఉందేమో చూపించమనండి:

```yaml
  - name: FallbackClassifier
    threshold: 0.7
    ambiguity_threshold: 0.1
```

మొదటి అంకె గీత: గెలిచిన గూడుకి 70 శాతం కూడా రాకపోతే దాన్ని ఒప్పుకోదు. రెండోది తేడా: మొదటి రెండు గూళ్ల మధ్య 10 శాతం దూరం లేకపోతే తేల్చుకోలేనట్టే లెక్క. రెండు సందర్భాల్లోనూ ‘అర్థం కాలేదు’కి గుర్తుగా `nlu_fallback` అన్న ఇంటెంట్ బయటికొస్తుంది. అది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో విడిగా రూల్ రాయించాలి: ఒకసారి మళ్లీ అడగడం, రెండోసారీ అర్థం కాకపోతే కౌంటర్‌లో ఉన్న మనిషికి అప్పజెప్పడం. గీత రాయకపోతే అది 0.3 దగ్గర ఉంటుంది, మన రైతు 52 శాతంతో సులువుగా దాటేస్తాడు.

గీత ఒక్కటే చాలదు. ఉబ్బిన 95 శాతం 0.7ని కూడా దాటేస్తుంది. కాబట్టి ‘ఏదీ కాదు’ అనే ఆరో గూడు కూడా పెట్టించాలి, అందులో మీ షాపుకి నిజంగా వచ్చిన చెత్తే పొయ్యాలి. క్రికెట్ గురించీ సినిమాల గురించీ వాక్యాలు రాసి నింపితే అలాంటివే పట్టుబడతాయి. మన నష్టమంతా పక్క పక్కనే తిరిగే మాటలతో: వాయిదా, అప్పు, ‘ఆకు ముడత పడింది ఏం కొట్టాలి’ లాంటివి. ఒడియాలో ‘దర కేతే’ అని అడిగినది మాత్రం ఈ చెత్తలో కలపకండి. అది ధర ప్రశ్నే, భాష వేరంతే. దాన్ని ధర గూట్లోనే నేర్పించాలి.

డబ్బు కట్టేముందు ఒక పూట పని పెట్టుకోండి. షాపు ఫోన్‌లోంచి గత నెల మెసేజ్‌లు వరసగా 300 తీసి, ఒక్కోటీ ఏ గూటిదో పక్కన రాయండి. పనికొచ్చేవి ఏరుకోవద్దు, ఏరితే పరీక్ష చెడిపోతుంది. సగం అమ్మేవాడికి ఇవ్వండి, సగం మీ దగ్గర దాచండి. ఆ దాచిన 150లో గూళ్లకి చెందినవి 100, చెందనివి 50 అనుకుందాం. బాట్‌కి పంపి రెండే లెక్కలు రాసుకోండి: 50లో ఎన్నింటిని తప్పుగా ఒప్పుకుంది, 100లో ఎన్నింటిని అనవసరంగా తిప్పికొట్టింది. గీత పైకి జరిపితే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. రెండూ సున్నా అయ్యే గీత దొరకడం దాదాపు ఉండదు, ఉందని ఎవరైనా చూపిస్తే ఆ 150 వాళ్ల చేతికి ఎలా వెళ్లాయో ఆరా తీయండి.

అన్ని గూళ్లకీ ఒకే గీత అక్కర్లేదు. ధర తప్పు చెబితే కస్టమర్ మళ్లీ అడుగుతాడు, కాబట్టి అక్కడ 0.6తో సరిపెట్టుకోవచ్చు. క్యాన్సిల్‌కి 0.9 పెట్టించినా ‘మీ 10 బస్తాల ఆర్డర్ తీసేయమంటారా? అవును / కాదు’ అని అడిగాకే తీసేలా రాయించండి. ఇలా గూటికో గీత పై ముక్కలో రాయడం కుదరదు, కొంచెం విడిగా కోడ్ రాయాలి. దానికి అదనంగా అడుగుతారు, బేరమాడండి.

తిరస్కరించిన మెసేజ్‌లన్నీ విడి జాబితాగా మీకు కనిపించాలని కూడా ఒప్పందంలో రాయించుకోండి. వారానికోసారి చూస్తే, అందులో ‘ఇవాళ పంపొద్దు’ లాంటివి ఇరవై ముప్ఫై పోగైతే వాయిదాకి కొత్త గూడు తెరవాల్సిన టైమ్ వచ్చినట్టు.