లెట్రోజోల్ ఆరు సైకిళ్లు వాడాక: మాత్ర ఐదు రోజులే, అసలు పని స్కాన్‌లది

పీసీఓడీ వల్ల అండం విడుదల కానివాళ్లకి ఇచ్చే లెట్రోజోల్ గురించి, ఆరు సైకిళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. మాత్ర వేసుకునేది ఐదు రోజులే. ఆ తర్వాత మందు పని చేసిందా లేదా తేలేది స్కాన్‌లలోనే, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ అక్కడే. అందుకే మాత్ర కంటే స్కాన్‌ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

స్ట్రిప్ కొనుక్కొచ్చి లోపలి కాగితం చదివితే గుండె జారిపోతుంది. రొమ్ము క్యాన్సర్ మందు అని, నెలసరి ఆగిపోయిన వాళ్లకి అని ఉంటుంది. ఈ మందు మొదట వచ్చింది దానికే. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించడం దీని పని. ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎక్కువగా పంపిస్తుంది. దాంతో అండం పెరిగే చిన్న సంచుల్లో, అంటే చిన్నగానే ఉండిపోయిన ఫోలికల్స్‌లో, ఒకటి పెరగడం మొదలుపెడుతుంది. మన దేశంలో 2011లో సంతానం కోసం దీన్ని వాడకూడదని నిషేధం పెట్టి, 2017లో ఎత్తేశారు. 2014లో అమెరికాలో పీసీఓడీ ఉన్న 750 మందితో చేసిన ట్రయల్‌లో, ఐదు సైకిళ్ల లోపు గర్భం వచ్చి బిడ్డ పుట్టింది లెట్రోజోల్ వాడిన వాళ్లలో 27.5 శాతం మందికి, అదే పనికి ఇచ్చే పాత మందు క్లోమిఫీన్ వాడిన వాళ్లలో 19.1 శాతం మందికి. క్లోమిఫీన్ ఒంట్లో చాలా రోజులు ఉండిపోతుంది, కొందరిలో గర్భాశయపు పొరని పల్చన చేస్తుంది. లెట్రోజోల్ త్వరగా బయటికి పోతుంది కాబట్టి ఆ బాధ తక్కువ. నీరసం, తలనొప్పి, కళ్లు తిరిగినట్టు ఉండటం మాత్రం ఉంటాయి. రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే పగలు కాస్త తేలిక.

మొదలుపెట్టే ముందు థైరాయిడ్, ప్రోలాక్టిన్, భర్తకి వీర్య పరీక్ష అయిపోవాలి. ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడటం ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు. వీర్య పరీక్ష చేయించకుండానే నాలుగైదు నెలలు మాత్రలు వాడేస్తున్నవాళ్లు ఎంతోమంది. అది చాలా బాధాకరమైన సంగతి, ఎందుకంటే లోపం అటువైపు ఉంటే ఇటు అండం ఎంత చక్కగా విడుదలైనా లాభం లేదు.

నెలసరి దానంతటదే రాకపోతే ముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకుని, ప్రొజెస్టిరాన్ రకం మాత్రలతో రప్పిస్తారు. మాత్రలు ఆపాక రెండు రోజుల నుంచి వారం లోపు వస్తుంది. మరక మాత్రమే కనిపించిన రోజుని లెక్కలోకి తీసుకోకూడదు, బాగా అయిన రోజే మొదటి రోజు. రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి, పాత సిస్ట్ ఏదీ లేదని చూసి, 2.5 మిల్లీగ్రాములతో ఐదు రోజులు ఇస్తారు.

స్కాన్ ఎక్కువగా లోపలి నుంచే చేస్తారు, దానికి మూత్రానికి వెళ్లొచ్చి పడుకోవాలి. నీళ్లు బాగా తాగి కడుపు బిగబట్టుకుని రావాల్సిన పని లేదు. చేతికిచ్చే షీట్‌లో నాలుగు గడులుంటాయి: ఎన్నో రోజు, కుడి ఓవరీ, ఎడమ ఓవరీ, ఈటీ. ఈటీ అంటే గర్భాశయపు పొర మందం, కొలతలన్నీ మిల్లీమీటర్లలో. ఓవరీ గడిలో ‘ఎంఎస్‌ఎఫ్’ అని రాస్తే చిన్న చిన్న ఫోలికల్స్ చాలా ఉన్నాయి, ఇంకా ఏదీ ముందుకు రాలేదని. ‘ఎగ్ 18 ఎంఎం ఉంది’ అని అందరం అనేస్తాం గానీ, ఆ కొలత అండానిది కాదు, దాని చుట్టూ ఉన్న నీటి సంచిది. అండం స్కాన్‌లో కనపడేంత పెద్దది కాదు. సంచి బాగా పెరిగిందంటే లోపల అండం తప్పకుండా బాగుందని కాదు.

ఇప్పుడు ఒక సైకిల్ షీట్ చూద్దాం. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకొక మాత్ర. పన్నెండో రోజు స్కాన్‌లో రెండు వైపులా ఎంఎస్‌ఎఫ్, ఈటీ 5. ఇక్కడే చాలామంది నీరుగారిపోతారు, నెల వృథా అయిందని. కానీ మళ్లీ నెలసరి రప్పించకుండా, ఆ రోజు నుంచే ఐదు రోజులు 5 మిల్లీగ్రాములు, అంటే రెండు మాత్రలు ఒకేసారి, ఇవ్వవచ్చు. పంతొమ్మిదో రోజు కుడివైపు 13, ఇరవై ఒకటిన 17, ఇరవై రెండున 19, ఈటీ 8.2, పొర మూడు గీతలుగా కనిపించింది. ఒకసారి ముందుకొచ్చిన ఫోలికల్ రోజుకి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇందులో అదే జరిగింది. 18 దాటాక అండం విడుదల చేయించే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తారు. ఇరవై రెండో రోజు రాత్రి పదింటికి ఇస్తే అండం సుమారు 36 గంటలకి, అంటే ఇరవై నాలుగో రోజు పొద్దున విడుదల అవుతుంది. దంపతులు కలవాల్సింది ఇంజెక్షన్ తీసుకున్న రోజున, ఆ తర్వాతి రెండు రోజులూ. ఇరవై నాలుగున సాయంత్రం స్కాన్‌లో సంచి ముడుచుకుపోయి, గర్భాశయం వెనక కొంచెం నీరు కనబడింది. దాన్నే ‘రప్చర్ అయింది’ అంటారు.

ఈ షీట్‌లో గమనించాల్సింది ఒకటుంది. చాలా ల్యాబుల్లో ‘ఇరవై ఒకటో రోజు ప్రొజెస్టిరాన్’ అని ఒక పరీక్ష అలవాటుగా చేస్తారు. అది 28 రోజుల సైకిల్‌కి సరిపోయే లెక్క. పై సైకిల్‌లో ఇరవై ఒకటిన రక్తం ఇస్తే అండం ఇంకా విడుదలే కాలేదు, రిపోర్టు తక్కువగా వచ్చి మందు పని చేయలేదన్న తప్పు నిర్ణయానికి వస్తారు. అండం విడుదలైన ఏడు రోజులకి, అంటే ఇక్కడ ముప్పై ఒకటో రోజున చేయాలి. మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే.

అండం విడుదలకి ముందు పెరిగే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని ఇంట్లో యూరిన్‌తో చూసే కిట్‌లని పీసీఓడీ ఉన్నవాళ్లు నమ్ముకుంటే మోసపోతారు. వాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి ఫోలికల్ పెరగకపోయినా గీత ముదురుగా రావచ్చు. ప్రెగ్నెన్సీ కిట్ విషయంలోనూ అంతే. హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒంట్లో పది, పన్నెండు రోజుల దాకా ఉండొచ్చు, అది కూడా కిట్ మీద రెండు గీతలు చూపిస్తుంది. ఇంజెక్షన్ తీసుకున్న పదహారో రోజు దాకా ఆగడం మేలు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇచ్చి ఉంటే అవి ఆపేదాకా నెలసరి రాకుండా ఉండొచ్చు. తేదీ దాటిందని సంబరపడే ముందు బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష చేయించుకోవాలి.

అప్పుడప్పుడు మూడు, నాలుగు ఫోలికల్స్ ఒకేసారి పెద్దవవుతాయి. అలాంటప్పుడు డాక్టరు ఇంజెక్షన్ ఇవ్వనని, ఈ నెల కలవొద్దని చెబితే వినాలి. ఒకేసారి ముగ్గురు కడుపులో పడితే తల్లికీ పిల్లలకీ ప్రమాదం.

మోతాదు 7.5 మిల్లీగ్రాముల దాకా పెంచుతారు. అక్కడా ఫోలికల్ కదలకపోతే అదే మాత్రని మళ్లీ మళ్లీ వాడటం వృథా. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లో, లాపరోస్కోపీలో చేసే ఓవరీ డ్రిల్లింగో ఆలోచించాలి. అలాగే ప్రతి నెలా రప్చర్ అవుతున్నా ఆరు సైకిళ్లకీ గర్భం రాలేదంటే అండం విడుదల చేయించే మాత్రతో పని అయిపోయినట్టు. ఏడో సైకిల్ రాయించుకోవడం కంటే షీట్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకుని, ట్యూబుల పరీక్ష, వీర్య పరీక్ష మళ్లీ చూపించి, తర్వాత ఏం చేయాలో అడగండి.