క్లస్టర్ సైజు 7 మేలా, 4 మేలా? హైదరాబాద్ మీద లెక్కేసి చూద్దాం

మా టీంలోకి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఇదే, "అన్నా, ఉన్న ఫ్రీక్వెన్సీలు 4 సెల్స్‌కే పంచితే ఒక్కోదానికి ఎక్కువొస్తాయి కదా, మరి 7కి ఎందుకు పంచుతారు?" అని. ఒక్కో టవర్ కవర్ చేసే ముక్క సెల్, ఉన్న ఫ్రీక్వెన్సీలన్నీ ఒక్కసారి పంచుకునే సెల్స్ గుంపు క్లస్టర్, ఆ గుంపునే ఊరంతా మళ్లీ మళ్లీ పరుస్తాం. 2జీ ప్లానింగ్‌లో ఈ ప్రశ్నకి జవాబు సగం ఛానెళ్ల లెక్కలో ఉంటుంది, మిగతా సగం అదే ఫ్రీక్వెన్సీ వాడే ఇంకో టవర్ చేసే గోలలో ఉంటుంది.

ముందు ఛానెళ్లు చూద్దాం. మన దగ్గర మొత్తం 420 మాట్లాడే ఛానెళ్లు ఉన్నాయనుకోండి. హైదరాబాద్‌లో 182 చదరపు కిలోమీటర్ల ముక్క తీసుకుందాం, సెల్ రేడియస్ 1 కిలోమీటరు అంటే ఒక్కో షడ్భుజి దాదాపు 2.6 చదరపు కిలోమీటర్లు, అంటే 70 సెల్స్. క్లస్టర్ 7 అయితే సెల్‌కి 60 ఛానెళ్లు, ఊరు మొత్తానికి 4200. క్లస్టర్ 4 అయితే సెల్‌కి 105, మొత్తం 7350. అవే 420 ఛానెళ్లు, అవే టవర్లు, కెపాసిటీ మాత్రం 1.75 రెట్లు. ఇంతవరకు చూస్తే 4 వైపే ఎవరైనా చెయ్యెత్తుతారు.

ఇప్పుడు గోల సంగతి. అదే ఫ్రీక్వెన్సీ వాడే ఇంకో సెల్ ఎంత దూరంలో (D) ఉంటుందో, మన సిగ్నల్ ఆ గోలకి ఎన్ని రెట్లు (S/I) ఉంటుందో చెప్పేది ఈ లెక్క, ఇందులో R సెల్ రేడియస్, N క్లస్టర్ సైజు:

```
D = R * sqrt(3N)
S/I = (D/R)^n / 6
```

6 ఎందుకంటే చుట్టూ మొదటి వరసలో అదే ఫ్రీక్వెన్సీ వాడే సెల్స్ ఆరు ఉంటాయి. n అంటే దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే అంకె, బిల్డింగులున్న ఊర్లో 4 అని వేస్తాం. వచ్చిన S/Iని 10*log10తో dBలోకి మారిస్తే, 7కి ఆ దూరం 4.6 కిలోమీటర్లు, S/I 18.7 dB. 4కి 3.5 కిలోమీటర్లే, 13.8 dB. జీఎస్ఎమ్‌కి 9 dB చాలంటారు కాబట్టి 13.8 కాగితం మీద పాసే, కానీ ఫ్లైఓవర్ కిందో, అపార్ట్‌మెంట్ల వెనకో సొంత సిగ్నల్ ఆరేడు డెసిబెల్స్ పడిపోవడం రోజూ చూసేదే, ఆ మిగిలిన 5 అక్కడే అయిపోతుంది. పాత అనలాగ్ ఫోన్లకైతే 18 దాకా కావాలి, అందుకే అప్పట్లో 7 వాడేవాళ్లు.

అయితే మూడో దారి ఉంది, నా ఓటు దానికే. క్లస్టర్ 4 ఉంచి, టవర్ మీద అన్ని వైపులా కొట్టే ఒక్క యాంటెన్నా బదులు 120 డిగ్రీల యాంటెన్నాలు మూడు పెట్టడం. అప్పుడు ఒక్కో సెక్టార్‌కి ఆరుగురు బదులు ఇద్దరే ఇబ్బంది పెడతారు, ఫార్ములాలో 6 స్థానంలో 2 వేస్తే 18.6 dB వస్తుంది, అంటే 7 ఇచ్చినంత శుభ్రత దాదాపు మొత్తం 4లోనే వచ్చేసినట్టు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, 1.75 రెట్లు మొత్తం చేతికొచ్చేసింది అనుకుంటారు. అలా రాదు, ఎందుకంటే 105 ఛానెళ్లు ఇప్పుడు 35 చొప్పున మూడు డబ్బాల్లోకి వెళ్లిపోయాయి, ఒక సెక్టార్‌లో ఖాళీ ఉన్నా పక్క సెక్టార్‌లో కాల్ కలవక జనం తిట్టుకోవచ్చు. ఒక ఛానెల్ గంటసేపు ఆగకుండా బిజీగా ఉంటే అది ఒక ఎర్లాంగ్, వందలో రెండు కాల్స్ మాత్రమే బ్లాక్ అవ్వాలి అని ఎర్లాంగ్-బి టేబుల్ చూస్తే, 60 ఛానెళ్లు 49.6 ఎర్లాంగ్‌లు మోస్తాయి, 35 ఛానెళ్లు 26.4, మూడింటికి 79.2. ఒక్కో మనిషి రద్దీ గంటలో 90 సెకన్లు మాట్లాడితే అది 0.025 ఎర్లాంగ్. అంటే 7 పద్ధతిలో సెల్‌కి 1,984 మంది, సెక్టార్లున్న 4 పద్ధతిలో 3,168 మంది. 70 సెల్స్‌కి 1,38,880 ఒకవైపు, 2,21,760 ఇంకోవైపు. లాభం 1.75 కాదు, 1.6 రెట్లు. ఆ తేడాయే మూడు ముక్కలు చేసినందుకు మనం కట్టే ధర, పైగా టవర్ చుట్టూ తిరిగే బండి ఒకే సైట్‌లో సెక్టార్ నుంచి సెక్టార్‌కి హ్యాండోవర్ అవుతూ ఉంటుంది.

ఇంకో విషయం, హుస్సేన్ సాగర్ లాంటి చోట n 4 ఉండదు, నీళ్ల మీద అడ్డం ఏమీ లేదు కదా. ఒకసారి ట్యాంక్ బండ్ మీద డ్రైవ్ టెస్ట్ చేస్తుంటే సిగ్నల్ బలం చెప్పే RxLev -62 dBm, ఫుల్ కడ్డీలు, క్వాలిటీ చెప్పే RxQual మాత్రం 6 దగ్గర కూర్చుంది, అది 0 అయితే బాగున్నట్టు, 7 అయితే పూర్తిగా చెడినట్టు, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. సిగ్నల్ తక్కువై క్వాలిటీ కూడా పోతే అది కవరేజీ సమస్య, సిగ్నల్ బాగుండి క్వాలిటీ పోతే ఎవరో అదే ఫ్రీక్వెన్సీలో అరుస్తున్నట్టే అనుకుని వెతకాలి. చూస్తే అవతలి గట్టు వైపు ఎత్తులో ఉన్న ఒక సెక్టార్ నేరుగా నీళ్ల మీదుగా ఇటే కొడుతోంది. యాంటెన్నాని 2 డిగ్రీల నుంచి 6 డిగ్రీలకి వంచాం, RxQual 1కి దిగింది. n 3 అనుకుని లెక్కేసినా అన్ని వైపులా కొట్టే యాంటెన్నా, అంటే ఓమ్నీ ఉన్న 7కి 12 dB, సెక్టార్లున్న 4కి 13.2 వస్తాయి, కాబట్టి అక్కడ కూడా 7కి మారితే బాగుపడేది కాదు, వంపు సరిచేస్తేనే బాగుపడింది.

ఇక మూడు యాంటెన్నాల ఖర్చుకి తగ్గ కాల్స్ లేని శివారు ఊర్లలో, సెల్‌కి 40 ఎర్లాంగ్‌లు కూడా దాటని చోట, నేను ఇప్పటికీ 7 ఓమ్నీయే పెడతా, 60 ఛానెళ్లు అక్కడ ఎక్కువే.