ప్రాప్‌ను తీసేయాలా, బిగింపును వదలాలా? సమభారమున్న ప్రాప్డ్ కాంటిలివర్‌కు ఏది మేలు

ఒక చివర గోడలో బిగించి, రెండో చివర కింద ప్రాప్ పెట్టిన బీమ్‌కు తెలియని రియాక్షన్లు నాలుగు: బిగింపు దగ్గర నిలువు బలం, అడ్డ బలం, మూమెంట్, ప్రాప్ దగ్గర నిలువు బలం. సమతుల్యత ఇచ్చే సమీకరణాలు మూడే. అంటే ఒక రియాక్షన్ అదనం. దాన్ని తాత్కాలికంగా తీసేసి, మిగిలిన సులువైన బీమ్‌పై భారం ఎంత కదలిక తెస్తుందో లెక్కగట్టి, ఆ కదలికను రద్దు చేసేంత బలాన్ని తిరిగి పెట్టడమే సూపర్‌పొజిషన్. ఏ రియాక్షన్‌ను తీయాలన్నది మన ఇష్టమే గానీ, అడ్డ బలాన్ని మాత్రం తీయకూడదు. దాన్ని తీస్తే బీమ్ పక్కకు జారిపోతుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది. ఆచరణలో పోటీ రెండింటి మధ్యే: ప్రాప్ బలమా, బిగింపు మూమెంటా?

రెండింటినీ ఒకే బీమ్ మీద చూద్దాం. పొడవు 4 మీటర్లు, భారం మీటరుకు 12 కిలోన్యూటన్లు, మొత్తం 48. ఎడమ చివర A బిగింపు, కుడి చివర B ప్రాప్. బీమ్ పొడవునా EI ఒకటే.

మొదటి దారిలో ప్రాప్‌ను తీసేస్తాం. మిగిలేది మామూలు కాంటిలివర్. భారానికి కొన ఎంత దిగుతుందో, ప్రాప్ బలం R కొనను ఎంత ఎత్తుతుందో రాసి రెండూ సమానం చేస్తాం.

```
wL⁴/8EI = RL³/3EI
384/EI = 21.33R/EI
R = 3wL/8 = 18 kN
V_A = 48 − 18 = 30 kN
M_A = wL²/2 − RL = 96 − 72 = 24 kN·m
```

రెండో దారిలో బిగింపు మూమెంట్‌ను వదిలేస్తాం. అప్పుడు A దగ్గర హింజ్ మిగిలి, బీమ్ రెండు చివర్లా సాదాగా ఆనుకుంటుంది. భారం వల్ల A దగ్గర వచ్చే స్లోప్‌ను మూమెంట్ M వెనక్కు తిప్పి సున్నా చేయాలి.

```
wL³/24EI = ML/3EI
32/EI = 1.333M/EI
M = wL²/8 = 24 kN·m
R_B = 24 − 24/4 = 18 kN
V_A = 24 + 24/4 = 30 kN
```

జవాబులు ఒకటే, రావాల్సిందీ అంతే. చాలామంది ఇక్కడితో ఆగి, కాంటిలివర్ ఫార్ములాలు నోటికి వచ్చు కాబట్టి మొదటిదే సులువని తేల్చేస్తారు. పరీక్ష పేపర్‌కు అది చాలు. డిజైన్‌కు మాత్రం అసలు తేడా మొదటి లెక్క చివరి వరుసలో ఉంది. 96 లోంచి 72 తీస్తే 24. పెద్ద అంకెల్లోంచి పెద్ద అంకె తీసి చిన్నది రాబట్టినప్పుడు, R లోని ప్రతి తప్పూ మూమెంట్‌లో మూడు రెట్లు అవుతుంది. 18 బదులు 17.8 వచ్చిందనుకోండి. R లో తప్పు 1.1 శాతమే. మూమెంట్ మాత్రం 96 − 71.2, అంటే 24.8కి పోతుంది, 3.3 శాతం ఎక్కువ. రెండో దారిలో ఇది తిరగబడుతుంది. మూమెంట్ 24 బదులు 24.3 వచ్చినా ప్రాప్ బలం 17.925 దగ్గరే ఉంటుంది, అర శాతం కూడా తేడా రాదు. బీమ్ సైజును తేల్చేది ఎక్కువగా బిగింపు దగ్గరి మూమెంటే కాబట్టి, EI పొడవునా మారే బీమ్‌కు డిఫ్లెక్షన్లను ఉజ్జాయింపుగా తీయాల్సి వస్తే రెండో దారిని ఎంచుకోవడమే మంచిది.

మూమెంట్ డయాగ్రామ్ గీయడంలోనూ రెండోదే ముందుంటుంది. సాదా బీమ్ పారబోలా నడుమన 24 ఎత్తు, దాన్నుంచి A దగ్గర 24తో మొదలై B దగ్గర సున్నా అయ్యే త్రిభుజాన్ని తీసేయాలి. సరిగ్గా నడుమన 24 − 12, అంటే 12 మిగులుతుంది. దాన్నే గరిష్ఠమని రాసేస్తే మాత్రం దెబ్బతింటారు. షియర్ సున్నా అయ్యేది ప్రాప్ నుంచి 18/12, అంటే 1.5 మీటర్ల దగ్గర. అక్కడ మూమెంట్ 13.5. బిగింపు నుంచి 1 మీటరు దూరంలో మూమెంట్ సున్నా అయి గుర్తు మారుతుంది. కాంక్రీట్ బీమ్ అయితే బిగింపు వైపు పై స్టీల్‌ను సరిగ్గా ఆ 1 మీటరు దగ్గరే ఆపకూడదు, దాన్ని దాటించి యాంకరేజ్ ఇవ్వాలి.

ఇక ప్రాప్ కొంచెం దిగబడితే? ఇక్కడ మొదటి దారి గెలుస్తుంది. ఉదాహరణకు ఐఎస్‌ఎంబీ 200 తీసుకుందాం: I సుమారు 2,235 సెం.మీ.⁴, E 200 గిగాపాస్కల్, కాబట్టి EI దాదాపు 4,470 కిలోన్యూటన్-మీటర్². ప్రాప్ 5 మిల్లీమీటర్లు దిగిందంటే కాంటిలివర్ కొన దిగాల్సిన 85.9 మిల్లీమీటర్లలో 5 మిగిలిపోతుంది, ప్రాప్ ఎత్తాల్సింది అంత తగ్గుతుంది. సమీకరణంలో ఒక్క పదం చేరుతుంది:

```
384/EI − 0.005 = 21.33R/EI
R = 18 − 1.05 = 16.95 kN
M_A = 96 − 67.8 = 28.2 kN·m
```

ప్రాప్ బలం 6 శాతమే తగ్గింది, బిగింపు మూమెంట్ మాత్రం 17 శాతానికి పైగా పెరిగింది. పైన చెప్పిన మూడు రెట్ల లెక్కే మళ్లీ ఇక్కడ నిజం కదలికగా కనిపిస్తోంది. రెండో దారిలోనూ ఇదే 28.2 వస్తుంది, కానీ చివర్లు కలిపే గీత 0.005/4, అంటే 0.00125 రేడియన్ తిరిగిందని గుర్తుపెట్టుకుని ఆ కోణాన్ని భారం తెచ్చిన స్లోప్‌కు కలపాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: కలపడం మర్చిపోయి 24 దగ్గరే ఆగుతారు, లేదా తీసివేసి 19.8 తెస్తారు. ప్రాప్ దిగితే బిగింపు మీద బరువు పెరగాలి. మూమెంట్ తగ్గినట్టు వస్తే గుర్తు తిరగబడిందని అర్థం.

ప్రాప్ సన్నని రాడ్‌లా సాగేదైనా మొదటి దారే సుఖం. దిగుడును R/k అని రాస్తే సరిపోతుంది, k అంటే రాడ్ గట్టితనం, AE/h.

బిగింపు పూర్తిగా గట్టిది కానప్పుడు తీర్పు మళ్లీ మారుతుంది. గోడ భారం వైపు 0.001 రేడియన్ తిరిగిందనుకుంటే, రెండో దారిలో స్లోప్‌ను సున్నా బదులు 0.001 చేస్తే చాలు: M = 24 − 3.35, అంటే 20.65. మొదటి దారిలో ఆ తిరుగుడు కొన దగ్గర 4 మిల్లీమీటర్ల దిగుడుగా చేరి R ను 18.84కి పెంచుతుంది. జవాబు అదే, కానీ కోణాన్ని L తో గుణించే మెట్టు ఒకటి ఎక్కువ, తప్పుకు చోటూ ఎక్కువ.

రెండింటికీ ఉన్న హద్దు ఒకటే: బీమ్ సాగే పరిధిలోనే ఉండాలి, డిఫ్లెక్షన్లు చిన్నవై ఉండాలి. బీమ్‌కూ ప్రాప్‌కూ మధ్య ముందే ఖాళీ ఉంటే కాస్త జాగ్రత్త. 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉందంటే, పూర్తి భారం దగ్గర రియాక్షన్లు పై దిగుడు లెక్కలో వచ్చినవే. కానీ భారం పెరిగే క్రమంలో బీమ్ ప్రాప్‌ను తాకేదాకా అది ఒట్టి కాంటిలివర్. ఈ సెక్షన్‌కు తాకే క్షణం మీటరుకు సుమారు 0.7 కిలోన్యూటన్ దగ్గర వస్తుంది. అంతకంటే తక్కువ భారానికి R లెక్కగడితే నెగెటివ్ వస్తుంది. అంటే ప్రాప్ బీమ్‌ను కిందికి లాగుతోందని. కింద ఊరికే ఆనించిన ప్రాప్ లాగలేదు కాబట్టి అప్పుడు R ను సున్నాగా తీసుకోవాలి.