మంటల్లో మామూలు లిఫ్ట్, ఫైర్ లిఫ్ట్: తేడా ఎక్కడుంది?

పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు అంటుకుందనుకోండి. తొమ్మిదిలో ఉన్నవాళ్లు మామూలు లిఫ్ట్ ఎక్కితే, కరెంటు పోయి మధ్యలో ఇరుక్కోవచ్చు. అంతకన్నా భయంకరమైనది ఇంకొకటుంది. వేడికి ఆరో అంతస్తు బటన్ వైర్లు షార్టయితే, ఎవరో పిలిచారనుకుని లిఫ్ట్ సరిగ్గా మంటల దగ్గరే ఆగుతుంది. తలుపు సెన్సర్‌కు పొగ అడ్డొస్తే ఇక మూసుకోదు. పైగా లిఫ్ట్ గొయ్యి పొగగొట్టంలా పొగను పైకి లాగుతుంది.

ఫైర్ లిఫ్ట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ స్విచ్ వేయగానే పిలుపులన్నీ రద్దై, అది కిందికి వచ్చేస్తుంది. ఆ తర్వాత లోపలున్న ఫైర్‌మన్ మాటే వింటుంది. చాలా ఫైర్ లిఫ్టుల్లో తలుపు బటన్ నొక్కి పట్టుకుంటేనే తెరుచుకుంటుంది. పొగ కనిపించి వదిలేస్తే మూసుకుంటుంది. దీనికి ప్రత్యామ్నాయ కరెంటు ఉంటుంది. మన జాతీయ భవన నియమావళి ప్రకారం కనీసం 8 మందిని మోయాలి, 1 నిమిషంలో పై అంతస్తు చేరాలి.

ఇంత ఉన్నా ఫైర్‌మన్లు ఆరుకు నేరుగా వెళ్లరు. సాధారణంగా రెండంతస్తుల కిందే దిగి మెట్లెక్కుతారు. నివాసులకూ మెట్లే దారి. నడవలేనివాళ్లను ఫైర్ లిఫ్ట్‌లో దించాలా అన్నది ఫైర్‌మన్లే నిర్ణయించాలి.